మేం చంపం, అమ్ముతాం అంతే: పట్టుపురుగులు పెంచే ఇంట్లో పంచశీల

మల్బరీతోట
కదిరి దగ్గర మాకు రెండెకరాల మల్బరీ ఉంది. పంటకు 200 గుడ్ల చాకీ పురుగులు, అంటే చిన్న పిల్ల పురుగులు, తెచ్చుకుంటాం, ఏడాదికి ఐదు పంటలు తీస్తాం. మొన్న వైశాఖ పున్నమికి నేను బౌద్ధుల పంచశీల తీసుకున్నాను, అందులో మొదటిది ప్రాణం తీయకూడదని. మావారు, అత్తమామలు తీసుకోలేదు, వద్దని నన్నూ ఆపలేదు.

ఆకు కోసేది, మేత వేసేది, గూళ్లు కట్టడానికి చంద్రికలకు పురుగులు ఎక్కించేది ఎక్కువగా నేనే. గూళ్లు ఊడబీకి హిందూపురం మార్కెట్‌కు పంపుతాం. అక్కడ దారం తీసే రీలర్ కొనుక్కుపోయి, లోపలి పురుగు చచ్చేలా ఆవిరి పెడతాడు. మా చేత్తో మేం చంపం, అమ్ముతాం అంతే. ఇది సమ్యక్ ఆజీవం, అంటే తప్పులేని బతుకుతెరువు, కిందికి వస్తుందా, రాదా? రాకపోతే రేపటి నుంచి నేను ఏం చేయాలి? బుజ్జగించే మాటలు వద్దు, ఉన్నదున్నట్టు చెప్పండి.

తెల్లకాగితం
రాదు. బుద్ధుడు ఉపాసకులకు వద్దన్న ఐదు వ్యాపారాల్లో సత్తవణిజ్జ ఒకటి. సత్తం అంటే ప్రాణి. బతికున్న పురుగుతో సహా గూడు అమ్ముతున్నారు కాబట్టి అది ప్రాణుల వ్యాపారమే. మానేయడం తప్ప దారి లేదు.

కొత్తశీలం
మానేయమనడం సులువే. రెండెకరాల మల్బరీ పీకేస్తే ఆ ఇల్లు ఏం తింటుంది?

ధర్మవరం_మగ్గం
పట్టుచీర కట్టుకుంటే పాపమా అని ఇక్కడ ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. మా ఇంట్లో మూడు తరాలుగా పట్టు నేస్తున్నాం. భిక్షువుల చీవరానికి పట్టుబట్ట పనికొస్తుందని బుద్ధుడే అనుమతించాడని విన్నాను. మరి కట్టుకునేవాళ్లకు లేని దోషం నేసేవాళ్లకు ఎక్కడిది?

మల్బరీతోట
అన్నా, నేను అడిగింది కట్టుకోవడం గురించి కాదు, పెంచడం గురించి.

పాళీపలక
తెల్లకాగితం గారు చేరిన చోటు సరైనదే కావచ్చు, వచ్చిన దారి మాత్రం తప్పు. అంగుత్తర నికాయంలోని వణిజ్జ సుత్తం చాలా చిన్నది. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం అని ఐదు పేర్లు చెప్పి ఊరుకుంటుంది. వాటి అర్థం విప్పి చెప్పేది అట్ఠకథ. సత్తవణిజ్జ అంటే మనుషుల్ని అమ్మడమని అందులో ఉంది, అంటే బానిసల వ్యాపారం. కాబట్టి ఆ మాటను పట్టుగూళ్లకు నేరుగా అంటించలేం.

అయితే మల్బరీతోట గారికి అంతమాత్రాన ఊరట దొరకదు. అదే అట్ఠకథ మంసవణిజ్జ దగ్గర, పందులు, జింకల వంటివాటిని పెంచి అమ్మడం అని రాసింది. కత్తి పట్టి కోసేవాడి ఊసే అక్కడ లేదు. పెంచి అమ్మేవాడినే చెప్పింది. చావడానికే పోయే ప్రాణిని పెంచి, చంపేవాడి చేతికి ఇచ్చి బతకడం, సరిగ్గా మీరు అడిగిన పని. పట్టుపురుగు పేరు అక్కడ లేదు గానీ పోలిక మాత్రం చాలా దగ్గరగా ఉంది.

ధర్మవరం అన్న చెప్పింది నిజమే. చీవరానికి అనుమతించిన ఆరు రకాల బట్టల్లో పట్టు ఉంది. కానీ వినయపిటకంలో దాని పక్కనే పెట్టుకుని చదవాల్సిన ఘట్టం ఇంకొకటి ఉంది. ఆళవిలో ఆరుగురు భిక్షువుల జట్టు పట్టు తీసేవాళ్ల దగ్గరికి పోయి, చాలా పురుగుల్ని ఉడకబెట్టండి, మాకూ కాస్త ఇవ్వండి, పట్టు కలిపి ఆసనం చేయించుకుంటాం అని అడుగుతారు. ఆ పట్టు తీసేవాళ్లే నొచ్చుకుంటారు. బతుకుతెరువు కోసం, పెళ్లాం బిడ్డల కోసం ఇన్ని చిన్న ప్రాణుల్ని చంపుకోవడం మా దురదృష్టం, వీళ్లకు ఏమొచ్చింది అంటారు. అక్కడ నియమం పడింది భిక్షువుల మీద. ఆ పనివాళ్లను బుద్ధుడు ఒక్క మాట అనలేదు. అలాగని మీరు చేసేది మంచి పనే అని కూడా అనలేదు.

కొత్తశీలం
ఇది నాకు తెలియదు. 2,500 ఏళ్ల కిందటి పట్టు పనివాళ్లూ ఇదే మాట అన్నారన్నమాట.

నాగపూర్_దీక్ష
పోలికలు వెతుక్కుంటూ పోతే ఏ రైతూ మిగలడు. వరి చేలో పురుగుమందు కొట్టని ఇల్లు ఎక్కడుంది? చంపాలన్న కోరిక వేరు, చంపాల్సిన అవసరం వేరు అని బాబాసాహెబ్ స్పష్టంగా చెప్పారు. బుద్ధుడు అహింసను సూత్రంగా చెప్పాడే గానీ గుడ్డిగా పాటించే నియమంగా చెప్పలేదని ఆయన వాదన. ఈ అక్కకు పురుగును చంపాలన్న కోరిక లేదు, ఉన్నది ఇల్లు గడవాల్సిన అవసరం. 1956లో నాగపూర్‌లో చేసిన 22 ప్రతిజ్ఞల్లో ప్రాణులన్నిటి మీదా కరుణ ఉంచుతానన్నది ఒకటి. ఆ కరుణ పెంచే చేతికీ ఉండొచ్చు.

పాళీపలక
అంబేడ్కర్ చూపిన తేడాను నేను కాదనను. అయితే అవసరం అన్న మాట ఎక్కడ ఆగాలో చూసుకోకపోతే అది ఎవరికైనా సరిపోతుంది. సారా కాచేవాడికీ అవసరమే.

చంపడం అనే కర్మ పూర్తి కావాలంటే ఐదు కలవాలంటారు. ప్రాణి ఉండాలి, అది ప్రాణి అని తెలియాలి, చంపాలన్న చిత్తం ఉండాలి, అందుకు ప్రయత్నం జరగాలి, ఆ ప్రయత్నం వల్లే అది చావాలి. రీలర్‌కు ఐదూ ఉన్నాయి. మల్బరీతోట గారికి మొదటి రెండూ ఉన్నాయి, మూడోది లేదనే అనుకుందాం. ఇంకొకరికి చెప్పి చంపించినా తానే చంపినట్టు లెక్క. అమ్మడాన్ని చంపమని చెప్పడంగా లెక్కవేయలేదు. అందుకే మొదటి శీలం తెగిందని నేను అనను. శీలం తెగలేదన్నంత మాత్రాన జీవిక శుద్ధమని కూడా కాదు, రెండూ వేరు వేరు ప్రశ్నలు. మొదటి శీలం మీ చేతిని అడుగుతుంది. సమ్యక్ ఆజీవం మీ ఇంటి రాబడిని అడుగుతుంది.

చాకీసెంటర్
పుస్తకాల సంగతి నాకు అంతగా తెలియదు. పురుగు సంగతి తెలుసు కాబట్టి రాబడి గురించి చెబుతాను.

200 గుడ్లంటే 200 తల్లి చిలుకలు పెట్టిన గుడ్లు. ఒక్కో చిలుక 400 నుంచి 500 పెడుతుంది. పోయినవి పోగా సుమారు 80,000 పురుగులు గూడు కడతాయి. గూడు 1.7 గ్రాములనుకుంటే 135 కిలోల దాకా వస్తాయి. ఆ బరువులో దారం ఉన్న పెంకు ఐదో వంతే. మిగతా నాలుగు వంతులూ లోపల బతికున్న ప్యూపా, చిలుకగా మారబోయే పురుగు. అంటే రైతుకు కాటా మీద డబ్బు వచ్చేది ఎక్కువగా ప్యూపా బరువుకే.

ఇప్పుడు రోజులు చూడండి. పురుగు గూడు కట్టడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఐదో రోజుకో ఆరో రోజుకో ఊడబీకుతాం. అంతకు ముందే తీస్తే లోపల చర్మం విడవని మెత్తటి పురుగు చితికి గూడు మరక పడుతుంది. ప్యూపా అయ్యాక పది, పన్నెండు రోజులకు చిలుక ఉమ్మితో పెంకును మెత్తబరిచి, దారాలు తోసుకుని బయటికి వస్తుంది. అలా చిల్లు పడ్డ గూడు నుంచి వెయ్యి మీటర్ల దారాన్ని ఒకే పోగుగా లాగలేరు, అది వేస్టు కింద పోతుంది. కాబట్టి బేరం మొత్తం ఆ కొద్ది రోజుల సందులోనే జరగాలి. ప్యూపా కాటా దగ్గర బతికుండాలి, చిలుక కాకముందే చావాలి. రైతుకు చంపే ఉద్దేశం లేకపోవచ్చు. ధర మాత్రం ఆ చావు మీదే నిలబడి ఉంది.

మల్బరీతోట
ఈ లెక్క నాకు రోజూ కళ్లముందు ఉన్నదే. ఇట్లా ఒకచోట పెట్టి చూసుకోలేదు.

ధర్మవరం_మగ్గం
135 కిలోలకు ఎంత పట్టు వస్తుంది?

చాకీసెంటర్
మంచి బైవోల్టిన్ రకం గూళ్లయితే కిలో పట్టుకు ఆరున్నర కిలోల గూళ్లు పడతాయి. అంటే ఒక పంటకు 20 కిలోలు. చీరకు అరకిలో పట్టు వేసుకుంటే 40 చీరలు, చీరకు 2,000 గూళ్లు.

తెల్లకాగితం
సత్తవణిజ్జ విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నా, అట్ఠకథ చూడలేదు. కానీ ఇంకో సంగతి. కుక్కుటమిత్త అనే వేటగాడి కథ ఉంది కదా. అతని భార్య స్రోతాపన్న, అంటే ధర్మమార్గంలో మొదటి మెట్టు చేరింది, అయినా మొగుడికి రోజూ విల్లూ బాణాలూ అందించేది. ఆమె చేసింది హింస కాదా అని భిక్షువులు అడిగితే, చేతికి గాయం లేనివాడు విషం పట్టుకున్నా ఎక్కదు అన్న గాథ చెప్పాడు బుద్ధుడు. ధమ్మపదం 124. మల్బరీతోట అక్క పరిస్థితి అచ్చం అదే. ఇల్లు మొగుడిది, పంట మొగుడిది, ఈమె మేత వేస్తోంది అంతే. దోషం లేదు.

నాగపూర్_దీక్ష
చూశారా, నేను చెప్పిందీ ఇదే.

పాళీపలక
గాథ బుద్ధవచనం, కథ అట్ఠకథది. రెంటికీ ఒకే బరువు ఇవ్వలేం. పైగా కథలో ఆ భార్య ఇతను వేటాడాలి అనుకుని బాణం ఇవ్వలేదు. మొగుడు అడిగాడు, తెచ్చి ఇచ్చింది. చేతిలో గాయం లేదంటే అర్థం అదే. మల్బరీతోట గారు మాగిన పురుగును గుర్తుపట్టి ఏరి చంద్రికకు ఎక్కిస్తున్నారు, ఏ రోజు ఊడబీకాలో చూస్తున్నారు, ఈసారి మంచి ధర రావాలని కోరుకుంటున్నారు. ఆ కోరికలో గాయం ఉందా లేదా అన్నది ఆవిడ ఒక్కరికే తెలుస్తుంది. బయటి నుంచి మనం తీర్పు చెప్పలేం.

అంగుత్తర నికాయంలోనే ఇంకొక వరుస ఉంది. తాను చంపడం, ఇతరుల్ని పురికొల్పడం, చంపడాన్ని సమ్మతించడం, దాన్ని మెచ్చుకోవడం. మొదటి రెండూ మీకు లేవు. మీరు చూసుకోవాల్సింది మూడోది.

కొత్తశీలం
ఆ కథ నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. ఆమె బాణాలు ఇవ్వకపోతే ఆ జింకలు బతికేవి కదా. గాథ గొప్పదే, కానీ ఆమెను విడిపించడానికి దాన్ని వాడుకోవడం నాకు న్యాయంగా అనిపించదు.

పాళీపలక
మీరు ఒక్కరే కాదు, ఇలా అనేవాళ్లు చాలామంది ఉన్నారు. మీ అభ్యంతరాన్ని కాదనే జవాబు నా దగ్గర లేదు.

చాకీసెంటర్
అక్కా, ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మా చేత్తో చంపం అని రాశారు. జబ్బు పురుగుల్ని ఏం చేస్తున్నారు? ఊజీ ఈగను?

మల్బరీతోట
పాలకారు రోగం వచ్చినవీ, సున్నపుకట్టు రోగం వచ్చినవీ పుల్లతో ఏరి బ్లీచింగ్ నీళ్ల డబ్బాలో వేస్తాం. ఊజీ పురుగులు గూళ్లలోంచి రాలి నేల మీద కనిపిస్తే తొక్కేస్తాం. నిజమే. దాన్ని నేను చంపడం కింద లెక్కపెట్టలేదు.

పాళీపలక
లెక్కపెట్టాల్సింది అదే. ఐదూ అక్కడ ఉన్నాయి. ఆవిరి గది కన్నా ఈ డబ్బా మీకు దగ్గర.

చాకీసెంటర్
అయితే ఇందులో చాలా భాగం తగ్గించొచ్చు, ఎందుకంటే ఆ చంపడం మనం ముందు చేయని పని వల్ల వచ్చేది.

ఊజీ ఈగ పట్టుపురుగు ఒంటి మీద గుడ్డు పెడుతుంది. ఈగ పిల్ల ఆ పట్టుపురుగును లోపల్నుంచి తిని, గూటికి చిల్లు పెట్టుకుని బయటపడి, నేల పగుళ్లలో దాక్కుంటుంది. మళ్లీ ఈగ అయ్యాక షెడ్డులోనే తిరుగుతుంది. అందుకే కిటికీలకు, వెంటిలేటర్లకు నైలాన్ వల కొట్టాలి. తలుపుకు ముందు ఒక చిన్న గది ఉండి, దానికి రెండో తలుపు ఉండాలి. ఒక తలుపు మూశాకే ఇంకొకటి తీయాలి. ఆకు మోపు నేరుగా లోపలికి తేకుండా ఆ చిన్న గదిలో దులిపి తేవాలి. నేల పగుళ్లు సిమెంటుతో పూడ్చేస్తే దాక్కునే చోటు ఉండదు. ఈగ లోపలికి రాకపోతే తొక్కాల్సిన పురుగూ ఉండదు. ఎక్కువమంది వల కొడతారు గానీ రెండో తలుపు పెట్టరు, ఈగ మనిషితో పాటే లోపలికి వచ్చేస్తుంది.

జబ్బుల సంగతి. పంటకూ పంటకూ నడుమ షెడ్డు, తట్టలు, చంద్రికలు అన్నీ 2 శాతం బ్లీచింగ్ పౌడరు, 0.3 శాతం తడి సున్నం కలిపిన నీళ్లతో కడగాలి. వంద లీటర్లకు రెండు కిలోల బ్లీచింగ్, 300 గ్రాముల సున్నం. బ్లీచింగ్ పాతబడి వాసన పోయి ఉంటే అది పనిచేయదు. గడ్డకట్టిన పాత బస్తా వాడి, కడిగాం కదా అనుకుంటారు, తప్పు ఇక్కడే జరుగుతుంది. జ్వరంలో, అంటే చర్మం విడిచే దశలో, ఉన్న పురుగుకు మేత వేయకండి. పడక తడిగా ఉంచకండి, సున్నపుకట్టు తేమలోనే పుడుతుంది.

ఇవన్నీ చేసినా కొన్ని జబ్బు పడతాయి. వాటిని ఏరకుండా వదిలేస్తే షెడ్డంతా అంటుకుంటుంది. ఏరి వేరే తట్టలో పెట్టి వాటంతట అవే పోయేదాకా ఉంచితే, ఆ రోగం మళ్లీ గాలిలోకి, చేతులకు వస్తుంది. దీనికి నా దగ్గర పరిష్కారం లేదు.

నాగపూర్_దీక్ష
80,000 పురుగుల్ని కాపాడడానికి నాలుగు వందల్ని తీయడం అవసరం కిందికి వస్తుంది. ఇదన్నా ఒప్పుకోండి.

కొత్తశీలం
ఆ 80,000 ఆవిరి గదికి పోతున్నాయి అన్నా. దేని నుంచి కాపాడుతున్నాం?

ధర్మవరం_మగ్గం
చిలుకను బయటికి పోనిచ్చి తీసే అహింసా పట్టు ఉంది కదా. హైదరాబాద్‌లో కుసుమ రాజయ్య గారు దానికి పేటెంటు కూడా తీసుకున్నారు. ఆ పోగు నేను నేసి చూశాను. మెరుపు తక్కువ, ముట్టుకుంటే నూలులా మెత్తగా ఉంటుంది, పడుగుకు పెడితే నూగు లేచి తెగుతుంది, పేకకు బాగుంటుంది. కొనేవాళ్లు ఉన్నారు. గూళ్లు వాళ్లకు అమ్ముకోవచ్చేమో.

చాకీసెంటర్
అమ్ముకోవచ్చు, ముందు బరువు లెక్క చూసుకోండి. 135 కిలోల గూళ్లు చిలుక పోయాక 27 కిలోల ఉత్త పెంకులవుతాయి. ఇప్పటి రాబడి నిలవాలంటే కొనేవాళ్లు కిలోకు ఐదు రెట్లు ఇవ్వాలి. అది ముందే మాట్లాడుకోకుండా దిగకండి.

ఇంకోటి. బయటికి వచ్చిన ఆ 80,000 చిలుకలు ఏమవుతాయి? పట్టు చిలుకకు ఎగరడం రాదు, తినడానికి నోరు పనిచేయదు, వారం పది రోజుల్లో పోతుంది. అది దాని ఆయుష్షు, అందులో మన చెయ్యి లేదు. కానీ సగం ఆడవి. జతకడితే ఒక్కోటి 400 గుడ్లు పెడుతుంది. అవి పొదిగితే మేపేంత ఆకు జిల్లాలోనే ఉండదు. మేపకపోతే లక్షల పిల్ల పురుగులు ఆకలితో చస్తాయి. చాలాచోట్ల అహింస అని పేరు పెట్టి ఈ భాగం చెప్పరు.

తెల్లకాగితం
విత్తన గూళ్ల రైతుగా మారితే? అక్కడ చిలుకను బయటికి రానిస్తారు, గుడ్లు పెట్టనిస్తారు. చంపడం ఉండదు.

చాకీసెంటర్
ఉంటుంది. గుడ్లు పెట్టాక తల్లి చిలుకల్ని నూరి, పెబ్రిన్ రోగం ఉందేమోనని మైక్రోస్కోపు కింద చూస్తారు. పాశ్చర్ కాలం నుంచీ అదే పద్ధతి. ఆ పరీక్ష లేకపోతే రోగం గుడ్డులోంచే వచ్చి ఊళ్లకు ఊళ్ల పంట పోతుంది. ప్యూపాల్ని ఉడకబెట్టడంతో పోలిస్తే చాలా తక్కువ, కానీ సున్నా కాదు. పైగా అక్కడ పుట్టిన గుడ్లు మళ్లీ ఈ రైతుల దగ్గరికే వస్తాయి.

ఆముదంచేను
నల్లగొండ వైపు నుంచి రాస్తున్నా. ఎరి పట్టు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎరి పురుగు ఆముదం ఆకు తింటుంది. దాని గూటికి ఒక కొన తెరిచే ఉంటుంది, చిలుక పెంకు పాడు చేయకుండా వెళ్లిపోతుంది. ఎలాగూ ఆ దారాన్ని ఒకే పోగుగా లాగరు, పత్తిలా వడుకుతారు. కాబట్టి ప్యూపా చచ్చినా బతికినా పెంకు ధర మారదు. పైన చాకీసెంటర్ గారు చెప్పిన ముడి ఇక్కడ విడిపోతుంది. అస్సాంలో ప్యూపాను తింటారు కాబట్టి అక్కడ అది వేరే సంగతి. మన దగ్గర తినే అలవాటు లేదు.

గుడ్ల సమస్యకు మేం చేసేది ఇది. చిలుకలు గూటిలోంచి రావడం మొదలయ్యాక తట్టల దగ్గర మనిషిని ఉంచుతాం. మగది చిన్నగా, సన్నటి పొట్టతో ఉంటుంది, మీసాలు దువ్వెనలా దట్టంగా ఉంటాయి. జతకట్టక ముందే ఆడవీ మగవీ వేరే వలబుట్టల్లో వేస్తాం. ఆడది గుడ్లు పెడుతుంది గానీ అవి పొదగవు. వచ్చే పంటకు కావాల్సినన్ని జతలే కలవనిస్తాం. ఆలస్యమైతే అప్పటికే జతలు కట్టి ఉంటాయి.

పాళీపలక
ఇది వినడానికి చిన్న పనిలా ఉంది కానీ, నేను చూసిన వాటిలో చిత్తం, జీవిక ఒకే వైపు చూస్తున్న పద్ధతి ఇదొక్కటే. జతకట్టనివ్వకపోవడం కరుణేనా అని ఎవరైనా అడగొచ్చు. అడగనివ్వండి, ఆలోచించాల్సిన ప్రశ్నే.

నాగపూర్_దీక్ష
మార్కెట్ ఉందా? అది చెప్పండి ముందు. అక్క ఇల్లు దాని మీద నడవాలి.

ఆముదంచేను
మార్కెట్ బలహీనం. పట్టుగూళ్ల మార్కెట్లలాగా రోజూ వేలం లేదు. వడికేవాళ్లలో ఎక్కువమంది అస్సాం వైపే ఉన్నారు. పెంకులు తేలిక, చెడిపోవు, కాబట్టి రెండు మూడు పంటలవి ఆరబెట్టి దాచి ఒకేసారి పంపొచ్చు. దీని మీదే ఇల్లు నడుస్తుందని నేను చెప్పను. ఆముదం గింజ రాబడికి తోడుగా సరిపోతుంది. ఆకు నాలుగో వంతుకు మించి కోయకపోతే గింజ దిగుబడి తగ్గదు.

మల్బరీతోట
అందరి మాటా రెండు సార్లు చదివాను. మావారికి చాకీసెంటర్ గారి లెక్క చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, రెండెకరాలూ పీకను, షెడ్డు అప్పు ఇంకా రెండేళ్లుంది అన్నారు. గట్టు పక్కన అరెకరం బీడు ఉంది, దాంట్లో ఆముదం వేసుకో అన్నారు.

రెండో తలుపు ఈ వారమే పెట్టిస్తున్నాం. జబ్బు పురుగుల డబ్బా సంగతి నాకు ఇంకా తెగలేదు. మేత వేసే పని మానలేను. ఊడబీకే రోజు చూడడం, ధర అడగడం మాత్రం ఈ పంట నుంచి నేను చేయను. పాళీపలక గారూ, ఇది తప్పించుకోవడమా?

పాళీపలక
కొంత తప్పించుకోవడమే. ఆముదం మొలిచేదాకా అలాగే ఉండండి.

ఆముదంచేను
అక్కా, అరెకరానికి ఎరి 50 గుడ్లకు మించి తేకండి మొదట. నాలుగో జ్వరం లేచాక అవి తినే ఆకు చూసి భయపడతారు. లేత ఆకు చిన్న పురుగులకు, ముదురాకు పెద్దవాటికి. విత్తనం ఎప్పుడు వేస్తున్నారో చెప్పండి, ఆకు కోతకొచ్చే రోజు లెక్కేసి గుడ్లు ఎప్పుడు తెప్పించుకోవాలో రాస్తాను.